కొబ్బరిపాల పెరుగు పులిసింది కానీ తోడుకోలేదు, తప్పెక్కడ?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక అమ్మ): మా బాబుకు మూడేళ్లు. పాలలోని ప్రోటీన్ పడదని డాక్టరు పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మాన్పించారు. వాడికేమో పెరుగన్నం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. ఒక కొబ్బరికాయ తురిమి, పిండి, అర లీటరు పాలు తీశాను. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఏడు పచ్చిమిరప తొడిమలు వేసి రాత్రంతా మూతపెట్టి ఉంచాను. పొద్దున చూస్తే పైన వేలు మందాన తెల్లటి గడ్డ, చెంచాతో పక్కకు తీస్తే కింద బియ్యం కడిగిన నీళ్లలాంటి నీరు. పులుపు బాగానే ఉంది, వాసనా బాగుంది. కలిపితే మాత్రం మజ్జిగే. తోడు చాలలేదా, వేడి చాలలేదా?

గుంటూరు నుంచి: మా అమ్మాయికి కూడా పాలు పడవండి, తాగితే కడుపు ఉబ్బుతుంది. పెరుగు మాత్రం హాయిగా తింటుంది. మీరు తొడిమలు మానేసి ఒక్క చెంచా ఆవు పెరుగు తోడు వేయండి. అంత కొంచెంతో ఏమీ కాదు.

కాకినాడ నుంచి (ఇంట్లో సోయా పాలు, టోఫు చేసి అమ్ముతాను): అమ్మా, ఆ చెంచా వేయకండి. పైవారి అమ్మాయికి పడనిది పాలలోని చక్కెర. తోడుకునేటప్పుడు అది కొంత తగ్గుతుంది కనుక పెరుగు అరుగుతోంది. మీ బాబుకు పడనిది ప్రోటీన్. అది పెరుగులోనూ అలాగే ఉంటుంది, చెంచాడైనా ప్రమాదమే.

ఇక మీ గిన్నె సంగతి. పులుపు వచ్చిందంటే తోడూ పనిచేసింది, వెచ్చదనమూ సరిపోయింది. పాలు పులవకుండా పలచగా ఉంటేనే ఆ రెండింటినీ అనుమానించాలి. పులుపు తగిలితే ముద్దగా పట్టుకునేది ప్రోటీన్. కొబ్బరిపాలలో ఉన్నదంతా కొవ్వు, ప్రోటీన్ నామమాత్రం. కొవ్వు పైకి తేలి గడ్డకట్టింది, నీరు కింద మిగిలింది. దాన్ని పట్టి ఉంచేది మనమే ఇవ్వాలి.

వరంగల్ నుంచి: తొడిమలు ఏడు చాలవు. ఇరవై వేసి ఇంకో ఆరు గంటలు ఉంచితే గట్టిపడుతుంది. నేను సోయా పాలతో ఎప్పుడూ ఇలాగే చేస్తాను, కత్తితో కోసినట్టు వస్తుంది.

కాకినాడ నుంచి: సోయా పాలకు మీ మాట నిజమే, వాటిలో ప్రోటీన్ ఉంది. కొబ్బరిపాలను ఇంకో ఆరు గంటలు ఉంచితే పులుపు పెరుగుతుందే తప్ప చిక్కదనం రాదు.

అమ్మా, ఇలా చేసి చూడండి. అర లీటరు పాలలో ఒక కప్పు చల్లగా పక్కన తీసి, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలపండి. మిగతావి సన్నటి సెగ మీద వేడిచేసి, పిండి కలిపిన పాలు అందులో పోసి, చెంచా వెనుక వైపు పూతలా అంటుకునేదాకా కలుపుతూ ఉడికించండి. తెర్లనిస్తే కొబ్బరిపాలు విరుగుతాయి. పిండి ముందే ఉడకాలి, తోడు తర్వాతే. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే, అంటే 40 డిగ్రీల దగ్గర, తోడు కలిపి హాట్‌బాక్సులో పెట్టండి. ఎనిమిది గంటలయ్యాక కదపకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. అసలు చిక్కదనం అక్కడ వస్తుంది.

డాలస్ నుంచి: నాది సోయా పెరుగు. ఓవెన్ లైటు వేసి పద్నాలుగు గంటలు ఉంచితే ముక్కలుగా విరిగి పసుపు నీరు వదిలింది. పారేయాలా?

కాకినాడ నుంచి: వాసన బాగుండి, పైన గులాబీ, నలుపు మచ్చలు లేకపోతే గుడ్డలో వడగట్టి వాడుకోండి. ఎక్కువసేపు పులిసిందంతే. సోయా పెరుగు ఆరో గంట నుంచే చూస్తూ ఉండాలి. గిన్నె కొంచెం వంచితే పాలన్నీ ఒక్క ముద్దగా అంచును వదిలాయా, వెంటనే తీసేయాలి. ఇంట్లో తీసిన పాలైతే పొంగు రాగానే ఉడికిందనుకోకండి, సోయా పాలు ఉడకకముందే నురగతో పొంగుతాయి. సెగ తగ్గించి కలుపుతూ పావుగంట మరగనివ్వాలి, పచ్చివి మంచివి కావు.

ప్రశ్న అడిగిన అమ్మ: కార్న్‌ఫ్లోర్‌తో చేశాను. చెంచా నిలబడింది! కానీ కొంచెం గంజి రుచి వచ్చింది, బాబు సగమే తిన్నాడు. సోయా, కొబ్బరి కలిపితే?

కాకినాడ నుంచి: మూడు వంతులు సోయా, ఒక వంతు కొబ్బరి అయితే పిండి లేకుండానే తోడుకుంటుంది, రుచీ బాగుంటుంది. పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు, ముందు మీ డాక్టరును అడగండి. తోడుకు మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ క్యాప్సూల్ వాడాలనుకుంటే డబ్బా మీద పాల మాట ఉందేమో చదవండి, చాలా వాటిలో ఉంటుంది.

వరంగల్ నుంచి: క్యాప్సూల్ ఎందుకండి? తొడిమలతో ఒకసారి వచ్చిన పెరుగే తర్వాతి తోడు. నాకు నెల రోజులుగా నడుస్తోంది.

కాకినాడ నుంచి: నాకు నాలుగైదు సార్లకే పలచబడి, నోటికి జిగటగా వచ్చింది. మీరు తొడిమలు వేసేముందు కడుగుతారా?