బాపు రాసిన పిలుపుల లిస్టు: చెరిగిన అంకెలు, రెండుసార్లు వచ్చిన పేర్లు ఎలా తేల్చాలి?

కాజీపేట తమ్ముడు:
వచ్చే నెల మా అక్క లగ్గం. బాపు లాంగ్‌బుక్‌లో 11 పేజీలు రాసిచ్చాడు, మేనత్త ఇంకో 3 కాగితాలు పంపింది. అన్నీ కలిపి ఫోన్లు చేయడానికి ఒకే లిస్టు చేయాలి. కొందరు రెండింట్లోనూ ఉన్నారు, కానీ వేరే వేరే పేర్లతో. కొన్ని నంబర్ల మీద పసుపు చెయ్యి పడి అంకె కనిపించట్లేదు. బాపు రాసే 1, 7 నాకు ఒకేలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

నర్సంపేట అన్న:
అన్నీ ఎక్సెల్‌లో కొట్టి Remove Duplicates నొక్కు తమ్ముడూ. నిమిషంలో అయిపోతుంది.

ప్రెస్సు అక్క, హన్మకొండ:
అప్పుడే అది నొక్కకు తమ్ముడూ. పేరును బట్టి తీసేస్తే మొదటి వరుస ఉంచి మిగతావి తీసేస్తుంది. మన దిక్కు ఒక్కో ఊళ్ళో నలుగురు సమ్మయ్యలు, ముగ్గురు సారయ్యలు ఉంటారు. ఒక సమ్మయ్యకే పిలుపు పోతుంది. ఇంకోవైపు కొమురయ్య, కొంరయ్య ఒకే మనిషి అని దానికి తెలియదు.

పైగా నీకు చెరిగిన అంకె దొరికేది ఆ డబుల్ పేర్లలోనే. బాపు పేజీలో చెరిగింది అత్తమ్మ కాగితంలో శుభ్రంగా ఉండొచ్చు. అందుకే రెండు లిస్టులూ ఉన్నవి ఉన్నట్టు కొట్టు. మొదటి గడిలో పేజీ, వరుస (బాపు 6–11 అన్నట్టు), తర్వాత పేరు, తర్వాత నంబరు, ఆ పక్కన ఊరు. నంబర్ల గడులను కొట్టకముందే Text చేసుకో. మధ్యలో ఖాళీలు, ముందు 0, +91 వద్దు. కనిపించని అంకె దగ్గర ఊహించి ఏదీ పెట్టకు, ? పెట్టు. తర్వాత పక్క గడిలో ఇది:

```
=COUNTIF(C:C,C2)
```

ఇందులో ? అంటే ఏ ఒక్క అక్షరమైనా సరే అని లెక్క. ? ఉన్న వరుసలో 1 వస్తే అది తప్ప ఇంకోటి లేదు. 2 వస్తే పూర్తి నంబరు ఇంకెక్కడో ఉంది. ఆ పూర్తి నంబరు పక్కన మాత్రం 1 అనే ఉంటుంది, కంగారు పడకు. నంబర్లు Text కాకపోతే ఈ ? పనిచేయదు.

మడికొండ బాబాయ్:
వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పెట్టండి. కానీ మన నంబరు సేవ్ చేసుకున్నోళ్ళకే అది పోతుంది. మా చిన్నోడి లగ్గానికి సగం మందికి అందనేలేదు.

ప్రెస్సు అక్క:
బాబాయ్, ముందు నంబర్లు సరిగ్గా ఉండాలి కదా. తమ్ముడూ, 1, 7 సంగతికి బాపు చేతిరాతలోనే జవాబు ఉంటుంది. నీకు నోటికొచ్చిన నంబరు, అంటే మీ ఇంటిదో చిన్నాయనదో, ఆ నోట్‌బుక్‌లో వెతుకు. అందులో 7 ఎలా రాశాడో చూసి మిగతావాటితో పోల్చు. 4, 9 కూడా అంతే. 9 అంకెలే ఉంటే ఎవరో ఫోన్లో "డబుల్ ఎయిట్" అంటే ఒకటే రాసి ఉంటాడు.

నర్సంపేట అన్న:
10 అంకెలుండి 6, 7, 8, 9తో మొదలైతే కరెక్టే కదా అక్కా?

హుజూరాబాద్ చెల్లె:
కాదన్నా, నేను దాంతోనే మోసపోయాను. 870తో మొదలైన నంబరు సెల్ అనుకుని మెసేజ్ పెట్టాను. అది వరంగల్ ల్యాండ్‌లైన్, ముందున్న 0 రాయలేదు. 870, తర్వాత 7 అంకెలు, మొత్తం 10. కరీంనగర్‌ది 878. అయితే 870తో మొదలయ్యే సెల్ నంబర్లూ ఉంటాయి, ఒక్కసారి ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

కాజీపేట తమ్ముడు:
అక్కా, కూర్చుని చేశాను. 14 నంబర్లలో ? పెడితే 9 చోట్ల 2 వచ్చింది. బాపు 6వ పేజీలో "సమ్మయ్య, పరకాల", చివర 4?62. అత్తమ్మ కాగితంలో "సారక్క పెనిమిటి", 4162. బాపును అడిగితే ఇద్దరూ ఒకరే అన్నాడు. కానీ జమ్మికుంట నంబరు ఒకటి ఇలాగే కలిస్తే, ఫోన్ చేస్తే వాళ్ళ తమ్ముడు ఎత్తాడు. అన్నదమ్ములు ఒకేరోజు సిమ్‌లు తీసుకున్నారట, ఒక్క అంకే తేడా.

ప్రెస్సు అక్క:
అందుకే ఊరు, ఇంటిపేరు కూడా కలిస్తేనే ఒకటి చేయాలి. మిగిలిన 5 నంబర్లకు బాపు పాత ఫోన్ చూడు. ఒక్క అంకే చెరిగింది, అది 1 గానీ 7 గానీ అయితే రెండూ యూపీఐ యాప్‌లో కొట్టి పేరు చూడొచ్చు. కానీ ఆ నంబరు భార్య బ్యాంకు ఖాతాకో కొడుకు ఖాతాకో కలిపి ఉంటే వేరే పేరు వస్తుంది. పేరు కలవలేదని కొట్టేయకు.

కాజీపేట తమ్ముడు:
మూడు దొరికాయి. ఇంకో సంగతి. ఒకే నంబరు ముగ్గురి పేర్లకు ఉంది: పెద్దబాపు, ఆయన ఇద్దరు కొడుకులు. కొడుకులు వేరుపడ్డారు. ఒక్క వరుస చేయాలా?

ప్రెస్సు అక్క:
నంబరు ఒకటే అయినా ఇళ్ళు మూడు. నేనైతే మూడు వరుసలూ ఉంచి, పక్కన "పెద్దబాపు ఫోన్" అని రాస్తాను.

నర్సంపేట అన్న:
మా ఇంట్లో పెద్దాయనకు చెప్తే చాలు, అందరికీ చెప్పినట్టే.

మడికొండ బాబాయ్:
వేరుపడ్డోళ్ళకు వేరుగా చెప్పకపోతే మాట పడాల్సి వస్తుంది. బాపునే అడుగు తమ్ముడూ.