టీఎల్ పని చేస్తే ప్రొఫైల్‌లో టీఎల్ అని పెట్టుకోవచ్చా?

ఆమదాలవలస పాసింజర్: వైజాగ్‌లో వాయిస్ ప్రాసెస్, మూడున్నరేళ్లు. ఎనిమిది నెలలుగా టీఎల్ లేనప్పుడు ఫ్లోర్ నాదే, సూపర్‌వైజర్ కావాలనే కస్టమర్ల కాల్స్ నావే. లెటర్‌లో మాత్రం సీనియర్ అసోసియేట్. క్లయింట్‌తో మాట్లాడే టీఎల్ పోస్టులకి అప్లై చేస్తున్నా. ప్రొఫైల్‌లో టీం లీడ్ అని పెట్టొచ్చా?

కోట జంక్షన్: పెట్టు బాబూ, భయమేటి? చాకిరీ నీది, పేరు ఇంకొకడిదా? నేను 14 నెలలు చేశాను. చివరికి బయటినుంచి ఒకర్ని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

రాజాం కుర్రోడు: పెట్టకు. పీఎఫ్ పోర్టల్‌లో డిజిగ్నేషన్ కనిపిస్తుంది, దొరికిపోతావు.

నాగావళి: పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో కంపెనీ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి, హోదా ఉండదు. దొరికేది అక్కడ కాదు. ఆఫర్ ఇచ్చాక వెరిఫికేషన్ వాళ్లు పాత హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతారు, రిలీవింగ్ లెటర్ అడుగుతారు. రెండింట్లో సీనియర్ అసోసియేట్ అని వస్తే, నువ్వు నిజంగా ఫ్లోర్ నడిపావా లేదా అని ఎవరూ ఆరా తీయరు. ఆఫర్ వెనక్కి పోవచ్చు.

హోదా లెటర్‌లో ఉన్నట్టే పెట్టు. దాని కింద "టీఎల్ లేని రోజుల్లో ఫ్లోర్ బాధ్యత, ఎనిమిది నెలలు" అని రాయి. ఇంతకీ నీ ప్రొఫైల్‌లో ఇంకేం ఉంది?

ఆమదాలవలస పాసింజర్: కస్టమర్లిచ్చే సీశాట్ స్కోరు 92, క్వాలిటీ 96, మూడుసార్లు స్టార్ పెర్ఫార్మర్. కొత్త బ్యాచ్ 12 మందికి, ట్రైనింగ్ అయ్యాక మొదటి కాల్స్ తీసుకునే నెస్టింగ్‌లో నేనే సపోర్ట్. వాళ్ల ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కి పట్టే సగటు టైం, 11 నిమిషాల నుంచి 9:20కి వచ్చింది. అది రాయలేదు, నా స్కోరు కాదు కదా అని.

నాగావళి: రాయాల్సింది అదే! 92 చూస్తే మంచి ఏజెంట్‌వని తెలుస్తుంది, అంతే. ఎలా తగ్గింది?

ఆమదాలవలస పాసింజర్: మాట్లాడటం 7:10, హోల్డ్ 50 సెకన్లు, కాల్ అయ్యాక నోట్స్ 3 నిమిషాలు. మాటల్లో తేడా లేదు, నోట్స్ దగ్గరే ఆగిపోతున్నారు. ప్రతిదీ కథలా టైప్ చేసేవారు. సమస్య, చేసిన పని, చెప్పిన గడువు, ఈ మూడే రాసేలా ఒక నమూనా ఇచ్చాను. నోట్స్ 1:20కి వచ్చింది.

కోట జంక్షన్: ఏహెచ్‌టీ తగ్గించడం గొప్పా? కాల్ తొందరగా కట్ చేసినా తగ్గుతుంది.

నాగావళి: అక్కడ కోట జంక్షన్ గారిది సరైన మాటే, ఇంటర్వ్యూలో మొదట అడిగేదీ అదే. అదే కస్టమర్ ఏడు రోజుల్లో మళ్లీ చేసిన కాల్స్ పెరిగాయా? ఆ వారాల్లో తేలిక కాల్సే ఎక్కువ వచ్చాయా? నోట్స్ కురచైతే తర్వాత తీసుకున్న ఏజెంట్‌కి అర్థమయ్యిందా? ఈ మూడూ చూసుకుని రాయి. రిపీట్ కాల్స్ పెరిగి ఉంటే ఆ లైన్ తీసెయ్.

క్లయింట్ పోస్టుకి ఇంకోటి కావాలి. వారం రివ్యూలో క్లయింట్ నీ సీశాట్ అడగడు. 80 శాతం కాల్స్ 20 సెకన్లలో ఎత్తాలని ఒప్పందం ఉంటే, సోమవారం 64 ఎందుకైందని అడుగుతాడు. "కాల్స్ ఎక్కువొచ్చాయి" అంటే కుదరదు. అంచనా కంటే ఎన్ని ఎక్కువ, ఎంతమంది సెలవు, వచ్చే సోమవారానికి ఏం మార్చాం అని చెప్పాలి. అలాంటి మెయిల్ ఒక్కటైనా నువ్వు తయారుచేశావా? చేస్తే రాయి, క్లయింట్ పేరు మాత్రం వద్దు.

బొబ్బిలి వీణ: నాది తెలుగు ప్రాసెస్. యాక్సెంట్ కోర్సు చేస్తే టీఎల్ వస్తుందా?

కోట జంక్షన్: నాగావళి గారూ, మీరు కంపెనీ మనిషిలా మాట్లాడుతున్నారు. హోదా ఇవ్వకుండా పని చేయించుకున్నది వాళ్లు. అబద్ధం వాళ్లది, ఉద్యోగం పోయేది కుర్రాడిదా?

నాగావళి: ఆ బయటినుంచి తెచ్చిన మనుషుల్లో నేనొకదాన్ని. చేరిన రోజు ఫ్లోర్‌లో ఒకాయన నాతో మాట్లాడలేదు. అన్నీ ఆయనే చేశాడని నెల తర్వాత తెలిసింది. ప్యానెల్‌ని అడిగితే, ఆయన అప్లికేషన్‌లో సొంత స్కోర్లు తప్ప ఏమీ లేవన్నారు.

కోట జంక్షన్: అడగొచ్చుగా వాళ్లు! 14 నెలలు కళ్లముందే ఉన్నాను.

రాజాం కుర్రోడు: గొడవ ప్రొఫైల్ గురించి కాదన్నమాట.

కోట జంక్షన్: కాదు. జీతం లేకుండా టీఎల్ పని ఒప్పుకోవడమే తప్పు. ఈ నెలే మానెయ్యమంటాను.

నాగావళి: మానేస్తే రాయడానికి ఏం మిగులుతుంది? నేను ఒప్పుకోను.

ఆమదాలవలస పాసింజర్: రిపీట్ కాల్స్ చూశాను, 18 నుంచి 17. రివ్యూ మెయిల్ మాత్రం ఒక్కటీ రాయలేదు, మేనేజరే పంపుతారు. ఈ సోమవారం డ్రాఫ్ట్ నన్ను చేయనివ్వమని అడుగుతా. ఎనిమిది నెలల ఫ్లోర్ సంగతి మెయిల్‌లో రాసివ్వమనీ అడుగుతా. ఇస్తారో లేదో తెలీదు.

కోట జంక్షన్: ఇవ్వరు.