వక్క పట్ట ప్లేట్లకు బూజు పడుతోంది, ఎండ లేని రోజుల్లో ఎలా ఆరబెట్టాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోటల్లో పోక చెట్లు ఉన్నవాళ్ల దగ్గర రాలిన పట్టలు ఏరి తెచ్చుకుని, సెకండ్ హ్యాండ్‌లో కొన్న చేత్తో నొక్కే మిషన్ మీద పది అంగుళాల ప్లేట్లు చేస్తున్నాను. ఉన్న డబ్బంతా మిషన్‌కే అయిపోయింది.

పట్టని బ్రష్‌తో కడిగి, అరగంట నానబెట్టి, నీళ్లు ఓడాక వేడి అచ్చులో నొక్కుతాను. వేసవిలో ఏ ఇబ్బందీ రాలేదు. మొన్న శ్రావణంలో ఒక క్యాటరింగ్ ఆయనకి 300 ప్లేట్లు ఇస్తే పన్నెండు రోజులకి తిరిగొచ్చాయి, అడుగువైపు గీతల్లో నల్లచుక్కలు, పైన తెల్లటి నూగు.

అనుమానమొచ్చి, అచ్చులోంచి తీసిన పది ప్లేట్లు తూకం వేస్తే 300 గ్రాములు, రెండ్రోజులు మంచి ఎండలో పెట్టాక 262. అంటే అంత తడితోనే పాలిథిన్ కవర్లో కట్టేశానన్నమాట! (ప్లాస్టిక్‌కి బదులు ప్లేట్లు చేస్తూ వాటిని ప్లాస్టిక్‌లోనే చుట్టడం, నవ్వకండి.)

ఇప్పుడు అచ్చులో ఇంకాసేపు ఉంచితే అంచులు మాడుతున్నాయి. గంధకం పొగ పెట్టమని ఒకాయన చెప్పాడు గానీ అన్నం తినే ప్లేటుకి అది నాకు ఇష్టం లేదు. ముసురు రోజుల్లో తక్కువ ఖర్చుతో మీరు ఎలా ఆరబెడుతున్నారు? బల్బులు పెట్టిన చెక్కపెట్టె సరిపోతుందా? తడిసిన పట్టలు అసలు కొనకూడదా? చేసేవాళ్లెవరైనా చెప్పండి, కార్తీకమాసం వనభోజనాల ఆర్డర్ ఒకటి చేతిలో ఉంది.