నాన్న సంతకం మూడు చోట్లా మూడు రకాలు: అఫిడవిట్ చాలా, బ్యాంకులో కొత్త సంతకం ఇవ్వాలా?

తెనాలి అబ్బాయి: నాన్నకి 72 ఏళ్లు. 1994లో కొన్న స్థలం అమ్ముతున్నాం. బ్యాంకులో పాత తెలుగు సంతకం, పాన్‌లో ఇంగ్లీషు పొట్టి సంతకం, స్థలం దస్తావేజులో ఇంకోలా ఉందనుకుంటా. ఇప్పుడు చెయ్యి వణుకు, మొన్న చెక్కు వెనక్కి వచ్చింది. నోటరీ అఫిడవిట్ సరిపోతుందా?

వెంకీ: సరిపోతుంది బ్రదర్, "ఈ సంతకాలన్నీ నావే" అని స్టాంపు పేపరు మీద రాయించి మూడు చోట్లా ఇచ్చేయండి. ఆధార్‌లో కూడా మార్పించండి.

పాత క్యాషియర్: ఆధార్‌లో మన సంతకమే ఉండదు, మార్చేదేముంది? నోటరీ కాగితంతో బ్యాంకు రికార్డు మారదు. కౌంటరు వాడు చెక్కుని స్క్రీన్ మీద ఉన్న బొమ్మతోనే పోలుస్తాడు, అఫిడవిట్‌తో కాదు. నాన్నగారిని అకౌంటున్న బ్రాంచికే తీసుకెళ్లండి, పాస్‌బుక్కు, ఆధార్, పాన్ ఒరిజినల్స్ పట్టుకెళ్లి ఆఫీసరు ఎదురుగా కొత్త సంతకం పెట్టించండి. పాత సంతకం కూడా ఒకసారి పెట్టమంటారు, చెయ్యి సహకరించకపోతే ఆ మాట అర్జీలోనే రాయండి. ఫోటోతో, ఐడీతో మనిషిని పోల్చుకుంటారు. ఒక్క జాగ్రత్త, ఎవరికైనా పాత సంతకంతో చెక్కులిచ్చి ఉంటే ముందు వాటి సంగతి చూడండి, మారాక అవి వెనక్కి రావచ్చు.

సుజాత: మా అత్తయ్యగారి కొత్త సంతకం పది రోజులకే మళ్లీ తేడా వచ్చింది! వణికే చేతికి కొత్త సంతకం ఏం లాభం? వేలిముద్ర మేలు కదా?

పాత క్యాషియర్: మీరన్నది నిజమేనమ్మా. వేలిముద్ర పెట్టొచ్చు, ఇద్దరు సాక్షులు కావాలి, బ్యాంకుకు తెలిసినవాళ్లు, అందులో ఒకరు బ్యాంకు ఆఫీసరే అయి ఉండాలి. కానీ దానికి ప్రతిసారీ బ్రాంచికి వెళ్లాల్సి రావచ్చు, చెక్కులు ఇచ్చే అలవాటున్న మనిషికి అది ఇబ్బంది. కలం ఎత్తకుండా ఒక గీతలో వచ్చే చిన్న సంతకం ఎంచుకుని, ఇంట్లో ఇరవైసార్లు రాయించి చూడండి. ఇరవైలో నాలుగైదు తేడాగా వస్తే వేలిముద్రే.

తెనాలి అబ్బాయి: మరి దస్తావేజు?

డాక్యుమెంట్ రైటర్ మరిది: రిజిస్టరైన దస్తావేజులో సంతకం ఎవరూ మార్చరు, మార్చక్కర్లేదు కూడా. ముందు ఆ కాగితం తిరగేసి చూడండి, సంతకం అమ్మినాయనదే ఉంటుంది, కొన్న మీ నాన్నగారిది అసలు ఉండకపోవచ్చు. ఇప్పుడు అమ్మేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఫోటో, వేలిముద్ర తీసుకుంటారు, నేటి సంతకం చాలు. పేరులో అక్షరం తేడా ఉంటే మాత్రం వేరే కథ.

వెంకీ: అయినా కొనేవాడి లోన్ బ్యాంకు లాయరు అఫిడవిట్ అడిగితే?

పాత క్యాషియర్: అడిగితే ఇవ్వండి, తప్పులేదు, పాన్ కూడా దిద్దించండి, దరఖాస్తులో సంతకం తేడాకి టిక్ గడి ఉంటుంది. ఏది ముందు మార్చాలో నన్నడిగితే బ్యాంకే, అమ్మిన డబ్బు వచ్చిపడేది అక్కడే కదా.

సుజాత: మా బ్రాంచిలో పాన్ మీద ఉన్న సంతకమే పెట్టాలని పట్టుబట్టారండి. పాన్ ముందు మార్చుకున్నాకే తీసుకున్నారు.