12 గంటల టీపీఎన్‌లో షుగర్ 260: లెక్క ఎక్కడ తప్పింది?

వార్డు డైటీషియన్: రోగికి 46 ఏళ్లు, బరువు 50 కిలోలు. పేగు రక్తనాళం మూసుకుపోయి ఆపరేషన్ చేశాక 60 సెంటీమీటర్ల జెజునమ్ అనే చిన్నపేగు భాగం, పొట్టపై పేగు బయటకు తెరుచుకునే ఒక స్టోమా మిగిలాయి. పోషకాలన్నీ సిరలోకి ఎక్కించే టీపీఎన్‌తో రోజుకు కిలోకు 28 చొప్పున 1400 కేలరీలు అనుకున్నాను. అమైనో ఆమ్లాలు కిలోకు 1.3 చొప్పున 65 గ్రాములు, అంటే 260 కేలరీలు. 20 శాతం సోయా లిపిడ్ 200 మి.లీ.తో 400. మిగిలిన 740ని 4తో భాగించి డెక్స్‌ట్రోజ్ 185 గ్రాములు వేశాను. 24 గంటలు ఎక్కిస్తే షుగర్ బాగానే ఉంది. ఇంటికి పంపేందుకు 12 గంటలకు కుదించగానే 260 దాటింది. బరువు కూడా మెల్లగా తగ్గుతోంది.

నైట్ డ్యూటీ: డెక్స్‌ట్రోజ్ తగ్గించి లిపిడ్‌ను 350 మి.లీ. చేయండి. కేలరీలు అలాగే ఉంటాయి, షుగర్ దిగుతుంది.

పాత ఫార్మసిస్టు: షుగర్ దిగుతుంది, నిజమే. కానీ 350 మి.లీ. అంటే 70 గ్రాములు, కిలోకు 1.4. సోయా లిపిడ్‌ను నెలల తరబడి కిలోకు ఒక గ్రాము దాటించి ఇస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది, బిలిరుబిన్ పెరగవచ్చు.

ఇక అసలు సంగతి. సిరలో ఎక్కించే డెక్స్‌ట్రోజ్ గ్రాముకు ఇచ్చేది 3.4 కేలరీలే, 4 కాదు. మీ 185 గ్రాములతో వచ్చేవి 629. రోజూ 111 కేలరీలు తక్కువ పడుతున్నాయి, బరువు తగ్గడానికి అదొక కారణం కావచ్చు. నిజానికి 218 గ్రాములు కావాలి.

ఇప్పుడు వేగం చూడండి. 218 గ్రాములను 24 గంటల్లో ఎక్కిస్తే నిమిషానికి కిలోకు 3 మి.గ్రా. 12 గంటల్లో అయితే 6. నేను 5 దాటనివ్వను. 16 గంటలు పెడితే 4.5 వస్తుంది. చివరి గంట వేగం సగానికి తగ్గించండి. ఒక్కసారిగా ఆపితే షుగర్ పడిపోవచ్చు, ఆపిన గంటకు ఒకసారి చూడండి.

గుంటూరు కొడుకు: మా అమ్మకు షుగర్ ఉంది, ముక్కు గొట్టంతో పాలు, జావ పోస్తున్నాం. ఆమెకూ ఈ లెక్కేనా అండీ?

పాత ఫార్మసిస్టు: కాదండీ. ఇది పేగు పనిచేయక నేరుగా రక్తంలోకి ఇచ్చేవారికి. మీ అమ్మగారి సంగతి ఆమెను చూసే డాక్టరుతోనే మాట్లాడండి.

నైట్ డ్యూటీ: ఇంటి దగ్గర స్థిరంగా ఉన్నవారికి డెక్స్‌ట్రోజ్ వేగం 7 దాకా ఇస్తారు కదా? మా యూనిట్‌లో కాస్త ఇన్సులిన్ కలిపి 12 గంటలే ఉంచుతారు.

పాత ఫార్మసిస్టు: ఇస్తారు, షుగర్ నిలబడితే. ఈ రోగికి డైటీషియన్ వేసిన 185 గ్రాములకే, అంటే 5.1 వేగానికే, 260 వచ్చింది. ఇంట్లో సంచిలో ఇన్సులిన్ అంటే నాకు భయం.

వార్డు డైటీషియన్: రోగినే అడిగాను. 16 గంటలంటే సాయంత్రం 5కి తగిలించుకుని ఉదయం 9 దాకా కదలకూడదు, పాపను బడికి ఎవరు దింపుతారని అంది. లిపిడ్ 250 మి.లీ., అంటే సరిగ్గా కిలోకు ఒక గ్రాము వేస్తే డెక్స్‌ట్రోజ్ 188కి దిగుతుంది, 14 గంటల్లో వేగం 4.5. సాయంత్రం 5 నుంచి ఉదయం 7. వారానికోసారి బిలిరుబిన్ చూస్తూ ఇదే మొదలుపెడుతున్నాం. స్టోమాలో రోజూ రెండు లీటర్లు పోతోంది, ఈ సంచి లీటరున్నరైనా లేదు. ఆ నీళ్లు, సోడియం ఎలా సర్దుతున్నారో ఎవరైనా చెప్తారా?