నీటిలోని నీలి వెలుగు: «కాంతి శంకువు» అనవచ్చా?

వానచినుకు: పిల్లల పత్రికకు ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అణు రియాక్టరు నీటి తొట్టిలో కనిపించే నీలి వెలుగు గురించి, చెరెన్కోవ్ వెలుగు అంటారు దాన్ని. విద్యుదావేశం ఉన్న కణం నీటిలో కాంతి కంటే వేగంగా దూసుకుపోతే వెలుగు శంకువులా విచ్చుకుంటుందని మూలంలో ఉంది. నేను «ఆఘాత కాంతి శంకువు» అని రాశాను. సంపాదకులు రెండు చోట్ల గీత గీశారు. కాంతిని మించిన వేగం లేదని బడిలో చెప్పి, ఇక్కడ ఉందంటే పిల్లలు ఏది నమ్మాలని ఒకటి. ఆఘాతం అంటే ఎవరికి ఎవరు తగిలారని రెండోది. మీరైతే ఏమంటారు?

తాటాకు: శంకువు మంచి మాటే, మార్చకండి. శంకు అంటే మేకు, గూటం. శంకుస్థాపనలో ఉన్నది అదే, శంఖం కాదు. ఆఘాతం మాత్రం నాకూ నచ్చలేదు. చదివేవారి చెవికి అఘాయిత్యంలా వినిపిస్తుంది. «అభిఘాతం» అంటే శాస్త్ర పరిభాషలా గంభీరంగా ఉంటుంది కానీ, పిల్లలకు అదీ బరువే.

చలివేంద్రం: ఈ నీలి కాంతి కళ్లకు మంచిది కాదని మా అబ్బాయికి ఫోను చూసేటప్పుడు పెట్టుకోమని పసుపు అద్దాలు కొన్నాను. పిల్లల పత్రికలో ఆ జాగ్రత్త కూడా రాయండమ్మా.

వానచినుకు: అది వేరే నీలి కాంతి అండీ. ఇది ఫోను తెరది కాదు. ఫోను వెలుగు కళ్లను పాడుచేస్తుందనడానికి ఆధారం కూడా లేదు.

రేవుగట్టు: ఇంత కష్టపడనక్కర్లేదు. పాపికొండల దగ్గర లాంచీ ఎక్కినవారికి ఎవరికైనా తెలుస్తుంది. లాంచీ అలలకంటే వేగంగా పోతే వెనక రెండు పాయలుగా అల విచ్చుకుంటుంది. వేగం పెంచేకొద్దీ ఆ పాయలు దగ్గరవుతాయి. కణం లాంచీ, కాంతి అల. «కాంతి అలపాయ» అనండి.

పాతమీటరు: నేను ముప్పయ్యేళ్లు ఒక పరిశోధన రియాక్టరులో పనిచేసి రిటైరయ్యాను. ఆ వెలుగు రోజూ చూసేవాడిని. రేవుగట్టు గారి పోలిక సగం బాగుంది. లోతు నీటిలో లాంచీ వెనక అలల కోణం వేగంతో దాదాపు మారదు. ఇరువైపులా సుమారు 19.5 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, ఎందుకంటే పొడవాటి అలలు వేగంగా, పొట్టివి నిదానంగా నడుస్తాయి. ఇక్కడ కథంతా మారే కోణంలోనే ఉంది. కాబట్టి లాంచీని వదిలి, ధ్వనిని దాటిన విమానాన్ని పట్టుకోండి.

సంపాదకుల మొదటి సందేహం భాషలోనే తీరుతుంది. «కాంతి వేగం» అని తెలుగులో ఒకే మాటతో రెండు వేగాలు చెబుతున్నాం. శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు నడుస్తుంది, దాన్ని ఎవరూ దాటరు. నీటిలో అదే కాంతి 2.25 లక్షలే నడుస్తుంది. ఎలక్ట్రాను దాటేది ఈ రెండోదాన్ని. «నీటిలో కాంతి నడిచే వేగం» అని పూర్తిగా రాస్తే గొడవే లేదు.

వానచినుకు: అయితే ఎలక్ట్రాను ఆ వేగపు గీత దాటగానే వెలుగు మొదలవుతుందా? ఆ గీత దగ్గర ఎంత శక్తి ఉండాలి?

పాతమీటరు: ఎలక్ట్రానుకు సుమారు 2.6 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి ఉంటే చాలు. ప్రోటాను బరువైనది, దానికి దాదాపు 48 కోట్లు కావాలి. అందుకే రియాక్టరులో మెరిసేది ఎలక్ట్రాన్ల పుణ్యమే. గామా కిరణానికి ఆవేశం లేదు, అది తానుగా మెరవదు. నీటి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను తన్ని పంపుతుంది, అవి మెరుస్తాయి.

ఇప్పుడు కాగితం తీసుకోండి. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాను సెకనుకు 2.82 లక్షల కిలోమీటర్లు పోతుంది. సెకనులో వందకోట్లవ వంతులో అది 28.2 సెంటీమీటర్లు పోయిందనుకుని అడ్డంగా ఒక గీత గీయండి. అదే సమయంలో మొదలైన చోటు నుంచి కాంతి 22.5 సెంటీమీటర్లే వెళ్లింది. మొదలైన చోటు కేంద్రంగా అంత వ్యాసార్థంతో వృత్తం గీసి, ఎలక్ట్రాను ఉన్న కొస నుంచి దానికి స్పర్శరేఖ గీయండి. ఆ స్పర్శరేఖే కాంతి ముందంచు. దారిలో ప్రతి చోటా పుట్టిన చిన్న అలలన్నీ దాని మీదే ఒకదానికొకటి తోడవుతాయి. ఎలక్ట్రాను నిదానంగా పోతే ఇలాంటి గీతే దొరకదు, చిన్న అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

మొదలైన చోటు, ఎలక్ట్రాను ఉన్న కొస, స్పర్శరేఖ వృత్తాన్ని తాకిన చోటు కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. అందులో మొదలైన చోటి కోణం 37 డిగ్రీలు. 22.5ని 28.2తో భాగిస్తే వచ్చే 0.8 దాని కొసైను. కొస దగ్గరి కోణం మిగిలిన 53.

రేవుగట్టు: వెలుగు శంకువు కోణం 37 అంటారా, 53 అంటారా? ఒక శంకువుకు రెండు కోణాలు ఎలా ఉంటాయి?

పాతమీటరు: సరైన ప్రశ్న. ఇక్కడ శంకువులు రెండు. ముందంచు శంకువు కొన కణం దగ్గర ఉండి వెనక్కి విచ్చుకుంటుంది. విమానం వెనకది ఇదే. కిరణాల శంకువు దారిలోంచి ముందుకు విచ్చుకుంటుంది, కాంతి అటే ప్రయాణిస్తుంది. వేగం పెరిగేకొద్దీ మొదటిది ఇరుకవుతుంది, రెండోది వెడల్పవుతుంది. వేగపు గీత దాటిన క్షణంలో ముందంచు బల్లలా చదునుగా ఉంటుంది, కిరణాలు సూటిగా ముందుకు పోతాయి. ఎంత శక్తి పోసినా కణం 3 లక్షలు దాటదు కాబట్టి, నీటిలో కిరణాలు 41 డిగ్రీలకు మించి విచ్చుకోవు, ముందంచు 49 కంటే ఇరుకు కాదు. విమానానికి అలాంటి అడ్డు లేదు.

ఇక ఆఘాతం. విమానం అలలో గాలి నిజంగా నొక్కుకుపోతుంది, చెవికి దెబ్బ తగులుతుంది. ఇక్కడ పోలిక ఆకారంలోనే ఉంది. నీటి అణువుల ఆవేశాలు కాస్త కదిలి సర్దుకుంటాయి, అంతే. అందుకని నా ఓటు «ముందంచు»కు. మీరు రాసిన «కాంతి శంకువు» కూడా ప్రమాదమే. సాపేక్ష సిద్ధాంతంలో ఆ పేరు వేరే దానికి ఉంది.

తాటాకు: ముందంచు బాగుంది, కానీ తరంగాగ్రం అనే మాట పుస్తకాల్లో స్థిరపడింది. దాన్ని తీసేస్తే పై తరగతులకు వెళ్లాక పిల్లలే తడబడతారు. ఇంకో సందేహం. తొట్టిలో శంకువులు కనబడతాయా? ఫోటోల్లో అంతా ఒకే మెరుపుగా ఉంటుందే.

పాతమీటరు: కనబడవు. నేను చెప్పిన ఎలక్ట్రాను నీటిలో అర సెంటీమీటరు కూడా పోకుండా ఆగిపోతుంది, దారిలో వంకరలు తిరుగుతుంది. కోట్ల ఎలక్ట్రాన్లు కోట్ల దిక్కులకు. శంకువు గోడ మీద వలయంగా పడటం చూడాలంటే జపాన్‌లోని సూపర్ కామియోకాండే అనే పరిశోధన కేంద్రం తొట్టికి వెళ్లాలి. 50 వేల టన్నుల నీరు. అక్కడ మ్యువాన్ అనే, ఎలక్ట్రాను లాంటిదే కానీ బరువైన కణం తిన్నగా పోతుంది, దాని వలయం అంచు స్పష్టంగా ఉంటుంది. ఎలక్ట్రానుది చెదిరినట్టు ఉంటుంది. ఆ తేడాతోనే వచ్చింది ఏదో గుర్తుపడతారు.

రేవుగట్టు: నీలం మాత్రం ఆకాశం నీలం లాంటిదేగా? కాంతి చెదరడం వల్ల?

పాతమీటరు: కాదండీ. పుట్టడమే పొట్టి తరంగాలు ఎక్కువగా పుడతాయి. కంటికి కనబడని అతినీలలోహితం అంతకంటే ఎక్కువ. రియాక్టరు ఆపిన వెంటనే ఆ వెలుగు టక్కున ఆరదు, ఇంధనంలో మిగిలిన రేడియోధార్మికత వల్ల మెల్లగా తగ్గుతుంది. అది చూస్తూ నిలబడిపోయేవాళ్లం.

మల్లెపందిరి: ఇది మాటల చర్చ అని తెలుసు, క్షమించండి. మా నాన్నకు మెదడులో కణితికి రేడియేషన్ ఇచ్చినప్పుడు, కళ్లు మూసుకున్నా నీలి మెరుపు కనిపించిందనేవారు. భ్రమ అన్నారు అందరూ. ఇది అదేనా?

పాతమీటరు: భ్రమ కాకపోవచ్చమ్మా. కంటి లోపలి జెల్లీ కాంతికి దాదాపు నీరే. చికిత్సలో వాడే ఎలక్ట్రాన్లు, ఎక్స్ కిరణాలు అక్కడ ఆ వేగపు గీత దాటే ఎలక్ట్రాన్లను ఇస్తాయి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు చికిత్స జరుగుతుండగా ఒక రోగి కంటిలోంచి వచ్చే ఆ వెలుగును కెమెరాతో పట్టారు. రేడియేషన్ రెటీనాను నేరుగా కదిలించడం వల్ల కూడా మెరుపులు కనబడవచ్చు. మీ నాన్నగారికి ఏది ఎంత అన్నది ఇప్పుడు చెప్పలేం.

మల్లెపందిరి: ఈ మాట అమ్మకు చదివి వినిపిస్తాను.

వానచినుకు: ఇలా మార్చాను: «నీటిలో కాంతి నడిచే వేగాన్ని ఎలక్ట్రాను దాటినప్పుడు, దాని వెనక కాంతి ముందంచు గొడుగులా విచ్చుకుంటుంది.» శంకువును పక్కన బొమ్మ కింద పెడతాను. పేరు చెరెన్కోవ్ అనే రాశాను, 1934లో ఈ వెలుగును గమనించినది ఆయనే కాబట్టి.

తాటాకు: రష్యాలో వావిలోవ్ పేరు కూడా కలిపి చెబుతారు, ఆ పని ఆయన పర్యవేక్షణలో జరిగిందని. రెండు పేర్లూ రాయండి. గొడుగు విషయంలో నేనింకా ఒప్పుకోలేదు. గొడుగు అంచు వంపు తిరుగుతుంది, మీ ముందంచు వంగదు.

రేవుగట్టు: అయితే తాటాకు గొడుగు కాదు, తాటాకు టోపీ అనండి.