రిటైర్మెంట్ సభకు రాలేనని మేడమ్‌కి ఎలా రాయాలి?

నమస్కారం. మా సీనియర్ మేడమ్ ఈ 31న రిటైర్ అవుతున్నారు. సాయంత్రం ఎంవీపీ కాలనీలో సన్మానం. అదే రోజు మా అమ్మకి కంటి శుక్లం ఆపరేషన్, దగ్గరుండి చుక్కల మందు వేయడానికి నేనొక్కదాన్నే. ఇలా రాశాను:

"మేడమ్, 31న అమ్మకి కంటి ఆపరేషన్ ఉండటం వల్ల సభకు రాలేకపోతున్నాను, మన్నించండి. మీ విశ్రాంత జీవితం ఆరోగ్యంగా, హాయిగా సాగాలని మనసారా కోరుకుంటున్నాను.

2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఆఫీసులో కరెంటు లేదు, సర్వీసు రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. మీరు వరండాలో నేల మీద కూర్చుని, ఒక్కో పేజీ మధ్య పాత పేపరు ముక్క పెట్టి ఆరబెట్టారు. 'ఇది ఎవరో ఒకరి పెన్షన్ అమ్మా, చిరగనివ్వకు' అన్నారు. ఇప్పటికీ రిజిస్టర్ పేజీ రెండు చేతులతోనే తిప్పుతాను."

రెండో పేరా మా కొలీగ్ స్టేజీ మీద చదువుతారు. ఆపరేషన్ మాట అక్కడ వినిపిస్తే మేడమ్ కంగారు పడతారు. అందుకే మొదటి పేరా విడిగా, రెండు రోజుల ముందే ఇంటికి పంపాలనుకుంటున్నాను. అలా చేయొచ్చా? స్టేజీ మీద చదివేదాంట్లో నేను రాలేదన్న మాట అసలు లేకపోతే వెలితిగా ఉంటుందా? దయచేసి చెప్పండి.